"నా మీద జనానికి నమ్మకం ఉంది" అని రాస్తే సరిపోతుందా?

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో ఒక సీనియర్ కార్యకర్త చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండమ్మా, మధ్యలో ఆపినా నాకేం ఇబ్బంది లేదు. సరే.

మీలో చాలామంది ఈ నెల దరఖాస్తు పెడుతున్నారు, పై స్థాయి శిక్షణ కార్యక్రమానికి. అందులో ఒక పేజీ ప్రొఫైల్ రాయమన్నారు. ఫీల్డ్ అనుభవం, కుటుంబాల నమ్మకం, తీసుకున్న శిక్షణ, ఈ మూడూ రాయాలి. ఒక్క పేజీయే కదా అనుకుంటాం, కూర్చుంటే ఒక్క వాక్యం కదలదు. పొద్దున నుంచి ముగ్గురు నా దగ్గరకొచ్చి అడిగారు, "అక్కా, ఏం రాయాలి?" అని. అందుకే ఇవాళ వేరే ఏమీ మాట్లాడను, ఈ ఒక్క పేజీ గురించే మాట్లాడతాను.

నేను ఈ పనిలోకి వచ్చి 12 ఏళ్ళయింది. ఇదే దరఖాస్తు మొదటిసారి పెట్టినప్పుడు నన్ను తీసుకోలేదు. రెండోసారి తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళు, వచ్చిన దరఖాస్తులు చదివేవాళ్ళతో పాటు నన్నూ కూర్చోబెట్టారు. కాబట్టి రాసేవాళ్ళ బాధా తెలుసు, చదివేవాళ్ళ బాధా తెలుసు. చదివేవాళ్ళ బాధేమిటో ముందు చెప్తాను. ఒక పూటలో నలభై, యాభై ప్రొఫైళ్ళు చదవాలి. నలభైలో ముప్పై అయిదు ఒకేలా ఉంటాయి. నా మొదటి ప్రొఫైల్ కూడా అలాగే ఉండింది. అది దాచిపెట్టుకున్నాను, చదువుతాను వినండి.

"నేను 9 సంవత్సరాలుగా అంకితభావంతో ఆరోగ్య కార్యకర్తగా సేవ చేస్తున్నాను. గర్భిణులు, బాలింతలు, పిల్లల ఆరోగ్యం విషయంలో ఎంతో కృషి చేశాను. నా పరిధిలోని కుటుంబాలకు నా మీద పూర్తి నమ్మకం ఉంది. అనేక శిక్షణలు తీసుకున్నాను."

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. నేను నిజంగానే కష్టపడ్డాను. కానీ ఇది చదివినవాళ్ళకి నా గురించి ఏం తెలిసింది? ఎన్ని ఇళ్ళు చూస్తానో తెలియలేదు. నమ్మకం ఉందని నేను చెప్తున్నాను, అది ఎలా తెలిసిందో చెప్పలేదు. అనేక శిక్షణలు అన్నాను, వాటివల్ల నాకు ఏం చేయడం వచ్చిందో చెప్పలేదు. నా పేరు తీసేసి మీ పేరు పెట్టినా సరిపోతుంది ఆ పేజీ. ఎవరి పేరు పెట్టినా సరిపోయే పేజీ చూసి ఎవరినని ఎంచుకుంటారు?

అసలు ఈ మూడే ఎందుకు అడుగుతున్నారో కూడా తెలుసుకుంటే రాయడం తేలికవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమాల గురించి మార్గదర్శకాలు తెచ్చింది. కార్యకర్తని ఎలా ఎంచుకోవాలి అన్న దగ్గర, చేయాల్సిన పనికి తగినంత చదువు చూడండి, ఆ జనంలో మనిషేనా, ఆ జనం ఆమెని ఒప్పుకుంటున్నారా చూడండి, ఆమె స్వభావం, అనుభవం చూడండి అని చెప్పింది. పెళ్ళయిందా లేదా అన్నది పెట్టుకుని ఎవరినీ పక్కన పెట్టొద్దని కూడా చెప్పింది. శిక్షణ గురించి చెప్తూ పాఠంతో పాటు చేతితో చేసే పనికి ఎక్కువ చోటివ్వమంది. అంటే మన పేజీ చదివేవాళ్ళు వెతికేది అదే. జనం ఈమెని ఒప్పుకున్నారా? ఈమెకి చేతితో పని చేయడం వచ్చా?

సరే, మొదట ఫీల్డ్ అనుభవం. దీని గురించి తొందరగానే చెప్తాను, ఎందుకంటే ఇది మీ రిజిస్టర్‌లోనే ఉంది. రెండోసారి రాసినప్పుడు నేను ఏం రాశానంటే, నా పరిధిలో 214 ఇళ్ళు, 1,060 మంది జనం. గత ఏడాది 19 కాన్పులు. అందులో 13 మంది పసిబిడ్డల్ని పుట్టిన రెండు రోజుల లోపల ఇంటికెళ్ళి చూశాను. మిగతా ఆరుగురిలో నలుగురు కాన్పుకి వేరే ఊరు వెళ్ళారు. ఇద్దరి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

చూశారా, నేను 13 అని మాత్రమే రాసి ఊరుకోలేదు. 19లో 13 అని రాశాను. ఈ తేడా పట్టుకోండి. "13 మంది పసిబిడ్డల్ని చూశాను" అంటే చదివేవాళ్ళు వెంటనే అనుకునేది, మొత్తం ఎంతమంది పుట్టారు? పదమూడుమందేనా, అరవైమందా? కింద అంకె లేకపోతే పై అంకెకి అర్థం లేదు.

ఇంకో మాట. ఆ ఇద్దరి గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను, తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని భయం. చివరికి రాశాను. ఎందుకు ఆలస్యమైందో కూడా రాశాను. ఆ రెండూ వీధి చివర కొత్తగా వచ్చిన ఇళ్ళు, నా జాబితాలో లేవు. జాబితాలో లేని ఇంట్లో గర్భిణి ఉన్నా నాకు కనపడదు కదా. అప్పటినుంచి మూడు నెలలకోసారి పుస్తకం పట్టుకుని చివరి ఇంటి దాకా నడిచి జాబితా సరిచేస్తున్నాను. ఈ నాలుగు వాక్యాలే రాశాను. తర్వాత, చదివేవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు గమనించాను, ఇలాంటి వాక్యం కనపడగానే పెన్ను ఆగుతుంది. 19కి 19 చూశాను అని రాస్తే రిజిస్టర్ అడుగుతారు.

ఇప్పుడు రెండోది, కుటుంబాల నమ్మకం. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అందరం ఇక్కడే ఆగిపోతాం. నమ్మకాన్ని ఎలా రాస్తారు? దానికి రిజిస్టర్‌లో గడి లేదు.

నేను కనిపెట్టింది ఒకటే. నమ్మకం ఉంది అని రాయకూడదు. నమ్మకం లేని రోజు ఎలా ఉండేదో రాయాలి, ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు ఏం చేశారో రాయాలి. వాళ్ళు చేసిన పనిలోంచి నమ్మకం కనపడాలి. ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరు, వీధి, పేరు ఏమీ చెప్పను.

ఆ ఇంట్లో ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు, తొమ్మిది నెలల పాప. నేను వెళ్తే తలుపు తీసేవారు కాదు. తీసినా పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి "మాకేం అవసరం లేదమ్మాయ్, వెళ్ళు" అనేది. మొదట నేను, వీళ్ళకి అవగాహన లేదు అనుకున్నాను. మనందరికీ ఉన్న అలవాటే ఇది, తలుపు మూసుకుంటే అవగాహన లేదంటాం. అది నిజం కాదు. పక్కింటివాళ్ళ ద్వారా తర్వాత తెలిసింది, అంతకుముందు ఆ ఇంటికి సర్వేకి వచ్చిన ఒక మనిషి, ఆ ఇంట్లో ఒకరికున్న జబ్బు సంగతి బయట నలుగురిలో మాట్లాడారట. ఏ జబ్బో మీకూ చెప్పను. అది వీధంతా తెలిసి ఆ ఇంటివాళ్ళు చాలా అవమానపడ్డారు. ఇప్పుడు చెప్పండి, అవగాహన లేనిది ఎవరికి? చేతిలో పుస్తకం ఉన్న మనిషికి ఇంటి సంగతి చెప్తే బయటకి పోతుందని వాళ్ళకి బాగా తెలుసు. తెలుసు కాబట్టే తలుపు మూశారు.

అది తెలిశాక నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు రిజిస్టర్ సంచిలోంచి తీయలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, పాప ఎలా ఉంది అని అడిగి వచ్చేశాను. మూడోసారి పెద్దావిడతోనే చెప్పాను, "అమ్మా, ఇంతకుముందు జరిగింది తెలిసింది. అది తప్పు. నా పుస్తకంలో ఏం రాస్తానో మీకు చదివి వినిపించాకే రాస్తాను, వద్దన్నది రాయను" అని. ఆవిడ ఏమీ అనలేదు. నాలుగోసారి వెళ్తే తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. ఈ నాలుగు విజిట్లకీ నెలన్నర పట్టింది. మా సూపర్‌వైజర్ అడిగారు, ఒక్క ఇంటికి ఇన్నిసార్లు ఎందుకు, రిపోర్టులో ఏం రాయాలి అని. వివరాలు తీసుకోలేదు అనే రాశాను. అదే జరిగింది కదా.

అయిదోసారి వెళ్ళేసరికి పెద్దావిడే గుమ్మంలో ఎదురొచ్చింది. "పాపకి మూడు రోజులనుంచి దగ్గు, చూస్తావా?" అంది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే శిక్షణ కూడా కలుస్తుంది. పాపని చూశాను. ముక్కు కారుతోంది, దగ్గు ఉంది. ఏడుస్తోంది కాబట్టి వెంటనే శ్వాస లెక్కపెట్టలేదు. వాళ్ళమ్మ ఒళ్ళో కాసేపు ఉండి ఏడుపు ఆపాక, చొక్కా పైకెత్తి పొట్టా ఛాతీ కదలిక చూస్తూ టైమర్ పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాను. 54. అయిదు నిమిషాలాగి మళ్ళీ లెక్కపెడితే 56. మీకందరికీ తెలుసు, రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకి 50 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే శ్వాస వేగంగా ఉన్నట్టు. దగ్గు ఉండి శ్వాస వేగంగా ఉంటే నిమోనియా అని అనుమానించాలి. తర్వాత ప్రమాద సూచనలు చూశాను. పాలు తాగుతోందా, తాగుతోంది. తిన్నదీ తాగిందీ అంతా కక్కేస్తోందా, లేదు. ఫిట్స్ వచ్చాయా, రాలేదు. మత్తుగా పడి ఉందా, లేదు, నా వేలు పట్టుకుని లాగుతోంది. డొక్కలు ఎగరేస్తోందా అని కింది పక్కటెముకల దగ్గర చూశాను, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి గుంజుకుపోవడం లేదు.

ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, అలా అని రేపు చూద్దాం అనే పరిస్థితీ కాదు. కొన్ని కార్యక్రమాల్లో ఇలాంటప్పుడు కార్యకర్తే మందు మొదలుపెడుతుంది. మా దగ్గర మాకు ఆ అనుమతి లేదు. అందుకని ఇవాళే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి అని చెప్పాను. స్లిప్ మీద లెక్కపెట్టిన రెండు అంకెలు, సమయం రాసి, పెద్దావిడకి చదివి వినిపించి, వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. అక్కడ నర్సు లెక్కపెడితే 52 వచ్చింది. డాక్టర్ చూసి మందు రాసిచ్చారు. మూడో రోజు ఇంటికెళ్ళి చూస్తే 38. మందు ఇంకా రెండు రోజులకి ఉంది, పాప హుషారుగా ఉందని ఆపేద్దామనుకుంటున్నారు, ఆపొద్దని, రాసినన్ని రోజులూ వాడాలని చెప్పి వచ్చాను.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఈ కథలో నమ్మకం ఎక్కడుంది? పాప తగ్గిన దగ్గరా? అందరూ అక్కడే అనుకుంటారు. నా ఉద్దేశంలో రెండు చోట్ల ఉంది. మొదటిది, ఆవిడ అడిగి పాపని చూపించిన చోట. రెండోది ఇంకా ముఖ్యం, అది నాలుగు నెలల తర్వాత జరిగింది. పెద్దావిడ పక్కింటి పిల్లతో కబురు పంపింది, ఒకసారి రమ్మని. వెళ్తే, కోడలికి నెల తప్పింది, బయట ఎవరికీ ఇంకా చెప్పలేదు, నీకే మొదట చెప్తున్నాం అంది. లెక్క వేస్తే ఎనిమిది వారాలు. పాప విషయంలో అదే కోడలి సంగతి మాకు తెలిసేసరికి ఏడో నెల దాటింది. ఏడో నెల, ఎనిమిదో వారం. ఈ తేడానే నమ్మకం అంటే. చదివేవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ప్రొఫైల్లో ఈ కథంతా రాస్తే రెండు పేజీలవుతుంది. నేను రాసింది ఇంతే, వినండి.

"ఒక కుటుంబం వాళ్ళ ఇంటి సంగతి ఒకటి ఇంతకుముందు బయటకి పొక్కడంతో ఆరోగ్య కార్యకర్తలెవరినీ రానిచ్చేది కాదు. నెలన్నరలో నాలుగుసార్లు వెళ్ళాను, వివరాలేవీ అడగలేదు, ఏం రాసినా చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను. అయిదోసారి వాళ్ళే దగ్గుతో ఉన్న 9 నెలల పాపని చూపించారు. శ్వాస నిమిషానికి 54, మళ్ళీ లెక్కపెడితే 56, ప్రమాద సూచనలు లేవు, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెంట వెళ్ళాను. మూడో రోజుకి 38, మందు అయిదు రోజులూ పెద్దావిడే పూటపూటకీ పట్టించింది. మొదటి కాన్పప్పుడు ఈ ఇంట్లో గర్భం సంగతి మాకు ఏడో నెల దాటాక తెలిసింది. రెండోసారి వాళ్ళే 8 వారాలకి పిలిచి చెప్పారు."

అంతే. ఇందులో నమ్మకం అనే మాట ఒక్కసారి కూడా లేదు, చూశారా.

మీకు ఇలాంటి ఇల్లు తప్పకుండా ఉంటుంది. గుర్తురాకపోతే ఇలా వెతకండి. నాకు ముందు కాదని తర్వాత ఒప్పుకున్న ఇల్లు ఏది? అర్ధరాత్రి నాకు ఫోన్ చేసిన ఇల్లు ఏది, దేనికి చేశారు? బయట ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పిన ఇల్లు ఏది? ఒక్కటి చాలు. నాలుగు ఇళ్ళ గురించి రెండేసి వాక్యాలు రాయొద్దు, ఒక్క ఇంటి గురించి ఆరు వాక్యాలు రాయండి.

ఇప్పటికీ తలుపు తీయని ఇల్లు ఉంటే? అక్కడ, ఆ మూల కూర్చున్న అమ్మాయి ఇందాక అడిగింది ఇది. ఉంటే ఉందని రాయొచ్చు. నాకూ రెండు ఇళ్ళున్నాయి ఇప్పటికీ. 214 ఇళ్ళలో 214 మందికీ నేనంటే ఇష్టం అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు.

మూడోది శిక్షణ. ఇక్కడ మనం సర్టిఫికెట్ల జాబితా పెడతాం. తేదీ, పేరు, ఎన్ని రోజులు. అది కావాలి, వద్దనను. కానీ అది హాజరు మాత్రమే. మీరు ఆ గదిలో కూర్చున్నారని తెలుస్తుంది, ఏం నేర్చుకున్నారో తెలియదు.

నా అనుభవంలోంచి ఒకటి చెప్తాను. పిల్లల జబ్బుల మీద మొదటిసారి నాకు అయిదు రోజుల శిక్షణ ఇచ్చారు. అయిదు రోజులూ క్లాసే. శ్వాస లెక్కపెట్టడం బొమ్మ మీద చూపించారు, వీడియో చూపించారు. సర్టిఫికెట్ ఇచ్చారు. తర్వాత కొన్నాళ్ళకి 14 నెలల బాబు దగ్గుతో ఉంటే లెక్కపెట్టాను. బాబు ఏడుస్తున్నాడు, నాకు టెన్షన్, వాళ్ళు చూస్తున్నారు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి 60 అన్నాను. ఆ వయసుకి 40 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వేగం కదా, వెంటనే ఆరోగ్య కేంద్రానికి పంపించేశాను. అక్కడ బాబు పడుకున్నాక నర్సు లెక్కపెడితే 36. మామూలు జలుబు. ఆ తండ్రి ఆ రోజు పని మానుకున్నాడు. ఒక రోజు కూలి పోయింది ఆ ఇంటికి, నేను తప్పు లెక్కపెట్టడం వల్ల.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత ఏడాది రిఫ్రెషర్ శిక్షణలో తెలిసింది. ఆ శిక్షణలో రెండు రోజులు వార్డులో నిజం పిల్లల దగ్గర కూర్చోబెట్టారు. నేనూ శిక్షకురాలూ ఒకే బిడ్డని ఒకే నిమిషంలో విడివిడిగా లెక్కపెట్టి, ఎవరి అంకె వాళ్ళు కాగితం మీద రాసి, తర్వాత చూసుకునేవాళ్ళం. రెండు శ్వాసల కంటే ఎక్కువ తేడా ఉంటే ఆవిడ ఒప్పుకునేది కాదు, మళ్ళీ చేయమనేది. మొదటి రోజు పదిమంది పిల్లల్లో నలుగురి దగ్గరే సరిపోయింది. రెండో రోజు పదిలో తొమ్మిది.

అక్కడ అర్థమైంది. పిల్లలు ఏడ్చేటప్పుడు, పాలు తాగేటప్పుడు శ్వాస మారిపోతుంది, అప్పుడు లెక్కపెట్టకూడదు. చిన్నపిల్లల శ్వాస ఒకే తీరున ఉండదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా ఉంటుంది, అందుకే పూర్తి నిమిషం కావాలి. 15 సెకన్లకి ఒక్క శ్వాస ఎక్కువ లెక్కపెడితే నాలుగుతో హెచ్చవేశాక నాలుగు ఎక్కువవుతుంది, ఆ నాలుగే బిడ్డని గీతకి అటో ఇటో నెట్టేస్తుంది. ఇంకొకటి, వయసు. 44 వచ్చిందనుకోండి, 11 నెలల బిడ్డకి అది మామూలే, 13 నెలల బిడ్డకి అది ఎక్కువ. ఏడాది వయసు ఉంటుంది అని ఉజ్జాయింపుగా రాసుకుంటే సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాం. అప్పటినుంచి పుట్టిన తేదీ చూడకుండా లెక్క మొదలుపెట్టను.

ఆ రిఫ్రెషర్ అయ్యాక నేను ఆ బాబు వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు నేను తప్పు లెక్కపెట్టాను, అందుకే మీకు ఒక రోజు పోయింది అని చెప్పాను. బాబు తండ్రి "పోనీలే అమ్మా, బాబు బాగున్నాడు కదా" అన్నారు. చెప్పకపోతే ఆయన ఇంకోసారి నేను వెళ్ళమన్నప్పుడు వెళ్తారా? వెళ్ళకపోతే, ఆ రోజు నిజంగా నిమోనియా అయితే?

ఇది మొత్తం శిక్షణ కింద నాలుగు వాక్యాల్లో రాశాను. "మొదటి శిక్షణ తర్వాత 14 నెలల బిడ్డ శ్వాస ఏడుస్తుండగా లెక్కపెట్టి అనవసరంగా పంపాను, 60 అన్నది నిజానికి 36. తర్వాతి రిఫ్రెషర్‌లో శిక్షకురాలితో పాటు లెక్కపెట్టి 10లో 9 సార్లు రెండు శ్వాసల తేడా లోపల చేశాను. ఇప్పుడు పుట్టిన తేదీ చూసి, బిడ్డ నెమ్మదించాక, పూర్తి నిమిషం, అనుమానంగా ఉంటే రెండుసార్లు లెక్కపెడతాను. రక్తపోటు చూడడంలో నాకు ఇంకా శిక్షణ లేదు, ఈ కార్యక్రమంలో అది నేర్చుకోవాలనుకుంటున్నాను."

ఆ చివరి వాక్యం చూడండి. రానిది రాయడానికి మనకి మనసొప్పదు. కానీ అది శిక్షణ కార్యక్రమం, నేర్పడానికే పెట్టింది. అన్నీ వచ్చని రాస్తే మీకు అక్కడ నేర్పడానికి ఏముంటుంది? పైగా ఇంటర్వ్యూలో ఏదో ఒకటి చేసి చూపించమంటారు. వచ్చని రాసింది రాకపోతే మిగతా పేజీ మీద కూడా అనుమానం వస్తుంది.

మీ దగ్గర రిఫ్రెషర్ అంకెలు లేకపోవచ్చు, అందరికీ అలాంటి శిక్షకురాలు దొరకదు. అలాంటప్పుడు మీ సూపర్‌వైజర్ చివరిసారి మీతో ఇంటికి వచ్చి మీరు పని చేస్తుంటే ఎప్పుడు చూశారో రాయండి, ఏం సరిచేశారో రాయండి. అదీ లేకపోతే ఈ వారంలోనే అడగండి, ఒక ఇంటికి నాతో రండి, నేను చేస్తుంటే చూడండి అని. చేసిపెడతారు, మనం అడగం అంతే.

ఒక్క విషయం మిగిలింది. ఆ పేజీలో ఎవరి పేర్లూ రాయొద్దు. వీధి రాయొద్దు, ఇంటి నంబరు రాయొద్దు. పేరు లేకపోయినా గుర్తుపట్టే సంగతులుంటాయి, కవలలు, ఆ చుట్టుపక్కల ఒక్కరికే ఉన్న జబ్బు, అలాంటివి కూడా. రిజిస్టర్ పేజీ ఫోటో తీసి జత చేసినవాళ్ళున్నారు, నేను చూశాను, అందులో అందరి పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి. దయచేసి అలా చేయకండి.

నేను ఆ పెద్దావిడ ఇంటి గురించి రాశాక పంపేముందు వెళ్ళి ఆవిడకి చదివి వినిపించాను. మాట ఇచ్చాను కదా. మొదట నేను రాసినదాంట్లో ఆ జబ్బు పేరు ఉండేది, అదుంటే కారణం బాగా అర్థమవుతుందని రాశాను. ఆవిడ అంతా విని, "ఆ ఒక్కటీ తీసెయ్" అంది. తీసేశాను. అందుకే ఇందాక చదివినదాంట్లో "ఇంటి సంగతి ఒకటి" అని మాత్రమే ఉంది. తీసేశాక మళ్ళీ చదివించుకుంది. ఈసారి, "పాపకి తగ్గిందని రాశావు, మందు నేనే పూటపూటకీ పట్టించానని రాయలేదేం?" అని అడిగింది. నిజమే, అయిదు రోజులూ ఒక్క పూట తప్పకుండా పట్టించింది ఆవిడే. పేజీలో చోటు లేదు, ఇంకో వాక్యం తగ్గించి అది కలిపాను.

రిజిస్టర్లు తెచ్చుకున్నారా? తెచ్చుకున్నవాళ్ళు గత ఏడాది పేజీలు తీసి కాన్పుల లెక్క మొదలుపెట్టండి. తేనివాళ్ళు ఆ తలుపు తీయని ఇల్లు ఏదో గుర్తు తెచ్చుకుని మొదటి రోజు ఏం జరిగిందో రాయండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.